ముసురు రోజుల్లో బట్టలు ఇంట్లో ఆరబెట్టడం ఎలా?



మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాలకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి ముసురులో చేలో పత్తి తడుస్తుంది, ఇంట్లో దండెం మీద బట్ట రెండు రోజులైనా ఆరదు. ఆరిన తరువాత కూడా ముక్క వాసన కొడుతుంది.

వాసన ఎందుకు వస్తుంది?

బట్టలో మిగిలిన చెమట, జిడ్డు, సబ్బు తినే సూక్ష్మజీవులు తడిలో పెరుగుతాయి. ఆ వాసన వాటిదే. బట్ట ఎంతసేపు తడిగా ఉంటే అవి అంతగా పెరుగుతాయి. కనుక ఉదయం ఉతికిన బట్ట రాత్రికల్లా, ఆలస్యమైతే మరునాటి ఉదయానికల్లా ఆరాలి.

ఆ నీరు ఎక్కడికి పోవాలి?

నలుగురున్న ఇంట్లో ఒక రోజు ఉతికిన బట్టలు పొడిగా నాలుగు కిలోలు ఉంటాయనుకుందాం. చేత్తో పిండిన నూలు బట్ట దాదాపు తన బరువంత నీటిని పట్టి ఉంచుతుంది. అంటే దండెం మీద సుమారు నాలుగు లీటర్ల నీరు ఉన్నట్లే. వాన రోజు గాలి ముందే తేమతో నిండి ఉంటుంది. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గదిని మూసేస్తే, అందులోని గాలి ఇంకొక టీ గ్లాసెడు నీటిని మాత్రమే పీల్చుకోగలదు. మిగిలిన నీరు బట్టలోనే ఆగిపోతుంది. లేదా గోడలకు చేరి బూజు పట్టిస్తుంది.

కనుక జల్లు లోపలికి కొట్టని వైపు కిటికీ, దానికి ఎదురుగా ఉన్న తలుపు తెరిచి ఉంచండి. ఇంటి లోపల కాస్త వెచ్చగా ఉంటుంది గనుక, బయటి నుండి వచ్చిన గాలి ఇంకా కొంత తేమను తీసుకుపోగలదు. టేబుల్ ఫ్యాను ఉంటే బట్టల కింది అంచులకు తగిలేలా పెట్టండి, నీరు దిగి నిలిచేది అక్కడే. కరెంటు లేకపోతే, జల్లు పడని వరండాయే మంచి చోటు.

ఎడం ఎంత ఉండాలి?

బట్టకూ బట్టకూ మధ్య నాలుగు వేళ్లు, గోడకూ దండేనికీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. చీరను నాలుగు మడతలు వేయకుండా రెండు దండేల మీదుగా పరిస్తే మధ్యలో గాలి ఆడుతుంది. ప్యాంటును తిరగేసి, జేబులు బయటకు లాగి, నడుము దగ్గర విప్పి వేలాడదీయండి. చొక్కాలను హ్యాంగర్లకు తగిలించండి. ఒక దుప్పటి, పక్కన ఒక పలుచని బట్ట, ఇలా మార్చి వేస్తే మంచిది. చోటు చాలకపోతే రోజుకు సగం చొప్పున ఉతకండి.

సబ్బు పొడి ఎంత?

ప్యాకెట్టు మీద ఉన్న కొలతకు మించవద్దు. ఎక్కువ వేసిన పొడి బట్టలో మిగిలి సూక్ష్మజీవులకు మేత అవుతుంది. మన బోరు నీళ్లు చాలా చోట్ల నురగ రాని కఠిన జలం. అందులో మామూలు సబ్బు తెల్లటి జిగటగా మారి నూలుకు అంటుకుంటుంది, అక్కడ డిటర్జెంటు పొడే మేలు. శుభ్రమైన బకెట్టులో పట్టిన వాన నీటితో ఆఖరిసారి జాడిస్తే పొడి బాగా వదులుతుంది. నీటిలో జారుడు పోయేవరకు జాడించండి. రాత్రంతా నానబెట్టవద్దు, అరగంట చాలు. పిండిన తరువాత పొడి తువ్వాలులో చుట్టి మరోసారి మెలిపెడితే ఇంకొంత నీరు దిగుతుంది.

ఆరిందని తెలిసేదెలా?

చంక కుట్టు, కాలరు, నడుము పట్టీ, జేబు అంచు చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్లే, మడత పెట్టవద్దు. వాసన వచ్చిన బట్టను ఇస్త్రీ చేసినా, సెంటు కొట్టినా, చెమట పట్టగానే ఆ వాసన తిరిగి వస్తుంది. మళ్లీ ఉతకవలసిందే. తెల్లని నూలు దుప్పట్లు, పసిపిల్లల గుడ్డలను పది నిమిషాలు ఉడికించి, జాడించి ఆరవేయండి. రంగు బట్టలు, పాలిస్టరు ఉడికించకండి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

బట్టలు ఆరడానికి మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. ముఖ్యంగా బాలింత, బిడ్డ ఉన్న గదిలో అసలే వద్దు. బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వికారం, మత్తు అనిపిస్తే వెంటనే అందరినీ బయటకు తెచ్చి ఆసుపత్రికి తీసుకురండి.

ఉబ్బసం ఉన్నవారు పడుకునే గదిలోనూ, ఎండుమిర్చి టిక్కీలు ఉన్న గదిలోనూ తడి బట్టలు వేయకండి. ఆ తేమకు కాయ బూజు పడుతుంది. పురుగుమందు కొట్టి వచ్చిన బట్టలను వేరుగా ఉతికి వేరుగా ఆరవేయండి.

తడి లోదుస్తులు వేసుకుంటే గజ్జల్లో తామర వస్తుంది, ఉన్నది ముదురుతుంది. కనుక చోటు తక్కువైన రోజున ఫ్యాను ముందు మొదటి స్థానం లోదుస్తులకు, పసిపిల్లల గుడ్డలకు ఇవ్వండి. దుప్పట్లు వాన తెరిపి ఇచ్చేవరకు ఆగవచ్చు.

- నర్సింగ్ సూపరింటెండెంట్