కుక్క వెతికేది గుప్పెడు చెత్తనే

తెల్లారకముందే పనికి బయలుదేరే ఇళ్లకు విడపనకల్లులో ఒక చిక్కుంది. మిరపకాయల కోతకు ఆటో ఎక్కేవాళ్లు, గుంతకల్లుకో ఉరవకొండకో మొదటి బస్సు పట్టుకునేవాళ్లు పంచాయతీ చెత్త బండి వచ్చేదాకా ఆగలేరు. అందుకని రాత్రే కవరు ముడేసి గేటుకు తగిలిస్తారు, లేదా అరుగు పక్కన పెడతారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి వీధంతా తొక్కలు, కవర్లు, పక్కింటివాళ్ల మొహంలో చిరాకు.

నాలుగు ప్రాణాలున్న ఇంట్లో రోజుకు కిలో అటూ ఇటుగా తడి చెత్త వస్తుందనుకుందాం. అందులో ఉల్లి పొట్టు, వంకాయ తొడిమెలు, టీపొడి పిప్పి, కొత్తిమీర కాడలు కుక్కకు అక్కర్లేదు. దానికి కావలసినవి ఎముకలు, చేప తలకాయలు, పులుసు అంటిన విస్తరి, పాల ప్యాకెట్, కోడిగుడ్డు పెంకులు. ఇవన్నీ కలిపినా గుప్పెడో రెండు గుప్పెళ్లో ఉంటాయి. అవి కవరు అడుగున ఉంటాయి కాబట్టి కవరంతా చింపుతుంది. కవరుకు కాపలా కాయడం కన్నా ఆ రెండు గుప్పెళ్లను వేరు చేయడం తేలిక.

అందుకు మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి చాలు. ఖాళీ పెయింట్ బకెట్ అన్నిటికన్నా మేలు, దాని మూత కుక్క ముట్టెతో ఊడదు. ఆదివారం కోడి కూర తిన్నాక కంచాల్లోని ఎముకలను నేరుగా అందులో వేసి, పైన పొయ్యి బూడిద గుప్పెడు చల్లండి. బూడిద తడిని పీల్చి వాసన తగ్గిస్తుంది. ఆ డబ్బాను రాత్రి ఇంటి లోపలే ఉంచండి. గ్యాస్ పొయ్యి వాడే ఇంట్లో ఎండిన మట్టిపొడి చల్లినా సరిపోతుంది.

ఎముకలను పెరట్లో పూడ్చేవాళ్లు మన నేల సంగతి గుర్తుంచుకోవాలి. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. జానెడు లోతున పూడ్చితే ఆ నెర్రెల్లోంచి వాసన పైకొస్తుంది, మర్నాటికి గుంత తవ్వేసి ఉంటుంది. అడుగున్నర లోతు తీసి, మట్టి కప్పి కాలితో బాగా తొక్కి, పైన నాపబండ ముక్క పరచండి. తాగునీటి బోరుకు, తొట్టికి దూరంగా తవ్వండి.

పసిపిల్లల డైపర్లు, ప్యాడ్లు కూడా కుక్కలు లాక్కుపోతాయి. ఇంట్లోవాళ్లు చెప్పుకోవడానికి సిగ్గుపడే రచ్చ ఇదే. పాత పేపరులో గట్టిగా చుట్టి, దారం కట్టి, తడి చెత్తలో కలపకుండా విడిగా బండికి ఇవ్వాలి. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు కూడా ఇలాగే చుట్టి ఇమ్మని చెప్పాయి.

చింపింది ఎవరో తెలుసుకుంటే మందు తేలిక. చెత్త బారలకొద్దీ దూరం ఈడ్చుకుపోయి ఉంటే కుక్క. ఉన్నచోటే చిన్న కన్నం పడి, చేప ముల్లు మాత్రమే బయటికొస్తే పిల్లి. కన్నం అంచులు కొరికినట్టు రంపపు పళ్లలా ఉంటే ఎలుక. ఎలుకలు ఉన్నచోటికి పిల్లి చెత్త కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. అక్కడ ముందు ఎలుక సంగతి చూడాలి.

బయట పెట్టక తప్పని బుట్టకు రెండు పనులు చేయండి. కుక్క బుట్టను పడదోసి తెరుస్తుంది కాబట్టి అడుగున ఇటుక పెట్టి, చెవులను కిటికీ కమ్మీకి కట్టండి. పిల్లి మూత ఎత్తుతుంది కాబట్టి పాత సైకిల్ ట్యూబు ముక్కను మూత మీదుగా లాగి బిగించండి. ఎత్తున తగిలిస్తే కుక్కకు అందదు కానీ, గోడెక్కే పిల్లికి అది పిలిచి భోజనం పెట్టినట్టే. వీలైతే బండి వచ్చే వేళకు ఇంట్లో ఉండే పక్కింటి అవ్వకు డబ్బా అప్పగించి పోవడం అన్నిటికన్నా నమ్మకమైన దారి.

ఇక ఎరువు. కూరగాయల తొక్కలను ఇంట్లోనే మాగబెడితే బయటికి పోయే చెత్త సగానికి పైగా తగ్గుతుంది. వంద లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకుని, పక్కల పెన్సిల్ పట్టేంత కన్నాలు పెట్టండి. అంతకన్నా పెద్దవైతే ఎలుక దూరుతుంది. మూడు ఇటుకల మీద నిలబెట్టి, అడుగున పత్తికట్టె ముక్కలు జానెడు పరిస్తే గాలి ఆడుతుంది. రోజూ ఒక చెంబు తొక్కలు వేస్తే, రెండు చెంబుల పొడి సరుకు కప్పండి. పశువులు వదిలేసిన శనగ పొట్టు, వేరుశనగ తొక్కలు, ఎండాకు ఏదైనా సరే. వారానికోసారి గుప్పెడు పేడ లేదా పాత ఎరువు వేసి కర్రతో కలపండి. వండిన అన్నం, కూర, మాంసం మాత్రం వేయకండి. మిగిలిన ముద్ద, అన్నం కుడితి తొట్టికో కోళ్లకో పోవాలి. ఆ తొట్టికీ మూత ఉండాలి.

ఎరువు సరిగా నడుస్తోందో లేదో గుప్పిట్లో తెలుస్తుంది. పిండితే చేతిలో ముద్దకట్టి, ఒకటి రెండు చుక్కలే కారాలి. నీళ్లు ధారగా కారి పుల్లటి కంపు వస్తే పొడి సరుకు తక్కువైంది. కుక్కను పిలిచేది ఆ కంపే. మన దగ్గర ఎక్కువగా దీనికి ఎదురే జరుగుతుంది. ఎండకు డ్రమ్ము పొడిబారి, నెలలు గడిచినా తొక్కలు తొక్కలుగానే ఉంటాయి. బియ్యం కడిగిన నీళ్లు చెంబుడు పోసి నీడకు జరిపితే చాలు. నిండాక మూడు నాలుగు నెలలు వదిలేయాలి కాబట్టి రెండో డ్రమ్ము కావాలి.

పశువులున్నవాళ్లు పెద్ద ఎత్తున చేయాలంటే నాడెప్ తొట్టి ఉంది. మహారాష్ట్ర రైతు నారాయణ్ దేవతావ్ పాండరిపాండే పేరు మీద వచ్చింది. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉండి, గోడల్లో గాలి కన్నాలు వదిలిన ఇటుక తొట్టి అది. దాని కిటుకు నింపాక పైన పూసే పేడమట్టి పూతలో ఉంది. పూత నెర్రెలిస్తే వాసన బయటపడి కుక్కలు ఎక్కి గీకుతాయి, ఎప్పటికప్పుడు మళ్లీ మెత్తాలి.

వేసవిలో వానపాముల ఎరువు మడి మీద గుండ్రటి గుంత, అందులో కుక్క వెంట్రుకలు కనిపిస్తే అది తిండి కోసం రాలేదు. తడి మడి చల్లగా ఉంటుందని తవ్వుకుని పడుకుంది. దానికి మూతలు పనికిరావు, తుమ్మకంప కొమ్మలు పరచడమే మందు. పిల్లలు తిరిగే చోటైతే కంప బదులు ఇనుప జాలీ వేయండి.

గేట్లకు నీలిమందు కలిపిన నీళ్ల సీసాలు కట్టడం మన ఊళ్లలో వాడుక. కొత్తలో కుక్క ఒకసారి ఆగి చూస్తుందేమో, ఆ తర్వాత దాని పక్కనే కాలెత్తుతుంది. చెత్త మీద ఫినాయిల్ పోయడం మాత్రం హాని. ఫినాల్ ఉన్న మందు పిల్లికి విషం. ఎరువులో పడితే మాగబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. విషం కలిపిన ముద్ద పెట్టడం నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు ఉంది. కుక్కలు మరీ ఎక్కువైతే 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల కింద పట్టి, ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, మళ్లీ అక్కడే వదిలే బాధ్యత స్థానిక సంస్థలది. ఎవరికి వారు కాక, వీధి వీధంతా కలిసి రాతపూర్వకంగా అడిగితే పంచాయతీ కార్యదర్శికి కదలక తప్పదు.

ఇంత చేసినా వీధిలో కుక్కలు తగ్గకపోతే మీ గేటు ముందు చిందిన చెత్తలో కోడి ఈకలు, తోలు ముక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే కుక్కలను పోగుచేస్తున్నది మీ ఇల్లు కాదు, దగ్గర్లోని చికెన్ అంగడి వెనక ఆరుబయట పోసే వ్యర్థం. అక్కడ కడుపు నింపుకున్నవే తిరుగుదారిలో మీ కవరు చింపుతాయి. అంగడివాళ్లు మూతున్న డ్రమ్ములో దాచి ఏ రోజుది ఆ రోజే పంపించే ఏర్పాటు చేయమని గ్రామసభలో అడగండి. ఆదివారం మధ్యాహ్నం అంగడి కట్టేసే వేళకు పోయి చూస్తే ఆ వ్యర్థం ఎటు పోతోందో మీకే తెలుస్తుంది.