పీపీఎం అడిగే రెండు ప్రశ్నలు

నీటి పరీక్షల ల్యాబ్‌లో నేను చేరిన కొత్తలో నల్లగొండ వైపు నుంచి ఒక బోరు నీటి నమూనా వచ్చింది. అందులో ఫ్లోరైడ్ 2.65 పీపీఎం అని లెక్క తేల్చాను. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీటి వనరు లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంటే ఆ బోరు పనికిరాదని రాయాలి. రిపోర్టు బయటికి వెళ్లకముందే మా సీనియర్ మేడమ్ నా స్టాండర్డ్ సీసాను చేతిలోకి తీసుకుని, "వంద పీపీఎం అని రాశావు. వంద మిల్లీగ్రాములు దేనివి బాబూ? ఎందులో కలిపావు?" అని అడిగారు. ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే యూనిట్ల మార్పిడిలో తప్పు జరగడం చాలా అరుదు.

ముందు "ఎందులో" అన్న ప్రశ్న చూద్దాం. పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. ఒక లీటరు మంచినీళ్లు దాదాపు ఒక కిలో తూగుతాయి. కిలో అంటే పది లక్షల మిల్లీగ్రాములు. కాబట్టి లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము ఉందంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు ఉన్నట్టే. అందుకే మామూలు నీళ్లలో ఒక పీపీఎం, లీటరుకు ఒక మిల్లీగ్రాము సమానం అంటాం. పీపీబీ అందులో వెయ్యో వంతు. అది లీటరుకు ఒక మైక్రోగ్రాముకు సమానం.

1 పీపీఎం = 1 మి.గ్రా./లీ. = 1000 పీపీబీ
1 పీపీబీ = 1 మైక్రోగ్రాము/లీ. = 0.001 మి.గ్రా./లీ.

ఇక నా తప్పు "దేనివి" అన్న ప్రశ్న దగ్గర జరిగింది. నేను 100 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ తూచి, లీటరు నీళ్లలో కరిగించి, సీసా మీద "ఫ్లోరైడ్ 100 పీపీఎం" అని రాశాను. కానీ ఆ ఉప్పులో సోడియం కూడా ఉంది. ఫ్లోరిన్ పరమాణు భారం 19, సోడియం ఫ్లోరైడ్ అణు భారం 41.99. అంటే 100 మిల్లీగ్రాముల ఉప్పులో ఫ్లోరైడ్ 100 × 19 ÷ 41.99 = 45.2 మిల్లీగ్రాములే. నిజంగా 100 పీపీఎం ఫ్లోరైడ్ కావాలంటే 221 మిల్లీగ్రాములు తూచాలి. నా సీసాలో ఉన్నదానికి 2.21 రెట్లు ఎక్కువగా పేరు పెట్టాను కాబట్టి, 1.2 ఉన్న బోరు నీళ్లు 2.65 అని పలికాయి. వేరే నీటి వనరు లేకపోతే వాడుకోదగ్గ బోరును ఆ ఊళ్లో మూయించేవాణ్ణి.

ఇలాంటి తప్పు మీటరు చూసి పట్టుకోలేం. అన్ని స్టాండర్డ్‌లనూ అదే సీసా నుంచి పలచన చేస్తాం కాబట్టి అన్నీ ఒకే నిష్పత్తిలో తప్పుతాయి, ఎలక్ట్రోడ్ వాలు మాత్రం చక్కగానే వస్తుంది. మేడమ్ ధ్రువీకరించిన స్టాండర్డ్ ఒకటి విడిగా తెచ్చి చదివించారు. అందులో ఉన్నది 1.0, మీటరు చూపింది 2.2. అప్పుడు దొరికింది. మీరు చేసిన స్టాండర్డ్‌ను మరో చోటు నుంచి వచ్చిన స్టాండర్డ్‌తో సరిచూడకుండా రిపోర్టు రాయకండి.

నైట్రేట్‌లోనూ ఇదే చిక్కు వస్తుంది. మన ప్రమాణంలోని 45 మిల్లీగ్రాముల హద్దు నైట్రేట్ అయాన్ మొత్తానికి పెట్టింది. కొన్ని పరికరాలు `NO3-N` అని చూపిస్తాయి. అంటే అందులోని నైట్రోజన్ ఒక్కదాని బరువన్నమాట. తెర మీద 12 అని కనబడితే 45 కంటే తక్కువే కదా అని వదిలేయకూడదు. నైట్రేట్ భారం 62, నైట్రోజన్ భారం 14. 12 × 62 ÷ 14 = 53.1 మి.గ్రా./లీ. హద్దు దాటింది.

పీపీబీ ఎక్కువగా ఆర్సెనిక్, సీసం లాంటి మూలకాల దగ్గర తగులుతుంది. ఉదాహరణకు ఒక నమూనా 2 మిల్లీలీటర్లు తీసుకుని 20 మిల్లీలీటర్లకు పలచన చేశారు. పరికరం ఆర్సెనిక్ 1.3 `ug/L` చూపింది. ముందు పలచన సరిదిద్దాలి. 20 ÷ 2 = 10 రెట్లు, కాబట్టి అసలు నమూనాలో 13 పీపీబీ. తర్వాత యూనిట్ మార్చాలి. 13 ÷ 1000 = 0.013 మి.గ్రా./లీ. ప్రమాణం 0.01. నమూనా తప్పింది. పలచన మరిచిపోయిన వాళ్లకు 0.0013 వస్తుంది, నీళ్లు మంచివని రాసేస్తారు. అందుకే రెండు పనులూ ఒకే వరుసలో కలపకుండా, పలచన సరిదిద్దడం ఒక వరుసలో, యూనిట్ మార్చడం మరో వరుసలో రాయండి.

లీటరు అంటే కిలో అన్న లెక్క ప్రతిచోటా చెల్లదు. సముద్రపు నీరు లీటరు 1.025 కిలోలు తూగుతుంది. అందులో క్లోరైడ్ బరువు లెక్కన సుమారు 19,350 పీపీఎం. లీటరుకు ఎంతో చెప్పాలంటే సాంద్రతతో గుణించాలి. 19,350 × 1.025 = 19,834 మి.గ్రా./లీ. తేడా రెండున్నర శాతం. ఫ్యాక్టరీల నుంచి వచ్చే గాఢమైన ఉప్పు వ్యర్థాల సాంద్రత 1.2 దాకా పోవచ్చు. అప్పుడు తేడా ఇరవై శాతం అవుతుంది. కాబట్టి చిక్కటి నమూనా వస్తే ముందు దాని సాంద్రత కొలిచి, ఆ విలువను నోటుబుక్కులో రాసుకోండి. మట్టి నమూనాకు లీటరు ప్రసక్తే లేదు. అక్కడ పీపీఎం అంటే ఎండబెట్టిన మట్టి కిలోకు ఎన్ని మిల్లీగ్రాములని.

గాలి దగ్గర పీపీఎం అర్థమే మారిపోతుంది. అక్కడ బరువు పాలు కాదు, ఘనపరిమాణం పాలు. 25 డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో ఒక మోల్ వాయువు 24.45 లీటర్లు ఆక్రమిస్తుంది. కనుక పీపీబీని వాయువు అణు భారంతో గుణించి, 24.45తో భాగిస్తే ఘనపు మీటరుకు మైక్రోగ్రాములు వస్తాయి. నైట్రోజన్ డయాక్సైడ్ అణు భారం 46. అంటే 1 పీపీబీ = 46 ÷ 24.45 = 1.88 మైక్రోగ్రాములు. మన దేశంలో దానికి 24 గంటల హద్దు ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు. 80 ÷ 1.88 = సుమారు 42.5 పీపీబీ. నీళ్లలో చేసినట్టు 80 మైక్రోగ్రాములను 80 పీపీబీ అనుకుంటే హద్దు దాదాపు రెట్టింపు అయిపోతుంది.

ఆ రోజు నుంచి నా సీసాల మీద పీపీఎం అని రాయడం మానేశాను. "ఫ్లోరైడ్ అయాన్, 100 మి.గ్రా./లీ., 221 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్ నుంచి" అని రాస్తాను. దేనిదో, ఎందులోనో సీసా మీదే ఉంటే, రేపు దాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్లు అడగాల్సిన రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే దొరుకుతుంది.