నింద లేకుండా మెయిల్ రాయడమెలా?

ప్రశ్న: తాండూరులో మాకు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉంది. వికారాబాద్ కొనుగోలుదారుకు ‘మీరెప్పుడూ సైజుల జాబితా ఆలస్యంగానే పంపుతారు. మీ వల్లే లోడు ఆగింది’ అని మెయిల్ పెట్టాను. అప్పటి నుంచి ఆయన జవాబివ్వడం లేదు. ఎలా రాయాల్సింది?

జవాబు: ‘ఎప్పుడూ’, ‘మీ వల్లే’ అన్నాక ఆయన జాబితా సంగతి వదిలేసి, తన తప్పు కాదని ఎలా చెప్పాలా అని చూస్తారు. అమెరికా మనస్తత్వవేత్త థామస్ గోర్డన్ 1970లో తల్లిదండ్రుల కోసం రాసిన పుస్తకంలో చెప్పిన పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. జరిగింది, దానివల్ల మనకు కలిగిన ఇబ్బంది, మన మనసులో మాట చెప్పాలి. ఆ తర్వాత కలిసి చేయాల్సిన పని అడగండి:

‘సోమవారం అనుకున్న జాబితా బుధవారం అందింది. కోత మొదలుపెట్టలేకపోయాం. శుక్రవారం లోడు పంపగలనో లేదోనని ఆందోళనగా ఉంది. ముందు ఏ సైజులు కావాలో రేపు పదింటికి మనం ఫోన్‌లో తేల్చుకుందామా?’

‘మీరు నిర్లక్ష్యం చేస్తున్నారని నాకనిపిస్తోంది’ అని మాత్రం రాయకండి. ‘నాకు’ ఉన్నా అది నిందే. అలాగే ‘మనం జాబితా త్వరగా పంపాలి’ అనకండి, పంపాల్సింది ఆయనొక్కరే కదా! అది ఎత్తిపొడుపులా వినిపిస్తుంది. ఇద్దరూ చేసే పనికే ‘మనం’ వాడండి.

బాకీ, ఒప్పంద ఉల్లంఘన వంటి వాటిలో మెత్తదనం కోసం వివరాలు దాచకండి. తేదీ, మొత్తం, గడువు సూటిగా రాయండి.