ఆదివారం సాయంత్రం 20 నిమిషాలు

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా సమయ వినియోగ సర్వే జరిపింది. ఇంటి పనుల్లో పాలుపంచుకునే మహిళలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అందులో తేలింది. ఇందులో ఉద్యోగం చేయని గృహిణులు కూడా ఉన్నారు కాబట్టి ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంటికి ఈ అంకెలు ఉన్నవున్నట్టు వర్తించవు. అయినా అలాంటి ఇళ్లలోనూ "నేనూ చేస్తున్నాగా" అనే మాట మీద వాదన వస్తూనే ఉంటుంది. ఆ వాదన చాలావరకు ఎవరెన్ని పనులు చేశారన్న లెక్క దగ్గర మొదలవుతుంది. నిజానికి ఆ లెక్కే సరైనది కాదు.

ఒక జంటను తీసుకుందాం. ఆమె మన శాఖల్లాంటి ఓ శాఖలో కౌంటరులో పనిచేస్తుంది, ఆయన ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి. నాలుగో తరగతి చదివే పాప ఉంది. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, బండి సర్వీసింగ్, స్కూలు ఫీజు ఆయనవి. వంట, టిఫిన్ బాక్సు, బట్టలు, పాప హోంవర్కు ఆమెవి. చెరి నాలుగు. కాగితం మీద సమానమే. కానీ ఆయన పనులు రేపటికి వాయిదా వేసినా ఏమీ కాదు. ఆమె పనులు మాత్రం రోజూ, అదే వేళకు జరగాల్సిందే. పొద్దున 8 గంటలకు బాక్సు సిద్ధం కాకపోతే బస్సు ఆగదు. అందుకే ఆదివారం కూర్చున్నప్పుడు పనుల సంఖ్య చూడకండి. గడియారానికి కట్టుబడిన పనులు ఎవరి పేరున ఎన్ని ఉన్నాయో చూడండి. వాటిలో కనీసం ఒకటి రెండు చేతులు మారాలి.

మారేటప్పుడు పని మొత్తంగా మారాలి. టిఫిన్ బాక్సునే చూడండి. బుధవారం ఇడ్లీ పెట్టాలంటే మంగళవారం పొద్దున్నే మినప్పప్పు నానబెట్టాలి. సాయంత్రం రాగానే రుబ్బి, ఒకటికి రెండు పాళ్లు కడిగిన ఇడ్లీ రవ్వ కలిపి, రాత్రంతా పులియనివ్వాలి. బుధవారం తెల్లవారి ఇడ్లీలు వేసి సర్దాలి, సాయంత్రం బాక్సు బయటికి తీసి కడగాలి. ఇంతలో ఆయన చేసేది సర్దడమొక్కటే అయితే, పప్పు డబ్బా అడుగంటిందని గుర్తుంచుకునే బాధ్యత ఆమెకే మిగిలిపోతుంది. బ్యాంకులో ఒకరు నమోదు చేస్తే మరొకరు సరిచూడటం మంచి పద్ధతే. ఇంట్లో మాత్రం ఆమె ఎప్పటికీ సరిచూసే అధికారిగానే ఉండిపోతే పని తగ్గినట్టు కాదు. బాక్సు ఆయనదైతే పప్పు అయిపోవడం కూడా ఆయన కంటే పడాలి.

ఇక ఆదివారం మాటల సంగతి. టీ తాగాక, రాత్రి వంట మొదలుపెట్టకముందు 20 నిమిషాలు చాలు. టీవీ కట్టేసి, క్యాలెండరు, ఒక కాగితం ముందు పెట్టుకోండి. మొదట వచ్చే వారంలో మామూలుకు భిన్నంగా ఉన్నవి రాయండి. ఉదాహరణకు సెప్టెంబరు 30 బుధవారం వచ్చిందనుకుందాం. అర్ధ సంవత్సరం ముగింపు కాబట్టి మంగళ, బుధవారాలు ఆమెకు ఆలస్యమవుతుంది. శుక్రవారం అత్తయ్యగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ రెండు రాత్రుల వంట ఆయనది, శుక్రవారం ఆసుపత్రి ఆమెది. ఆయనకు వచ్చింది పప్పుచారు, వేపుడేనా? ఆ రెండు రోజులూ అవే తిందాం అని అప్పుడే అనుకోవాలి. పని ఎంతవరకు బాగుండాలన్నది ముందే తేల్చుకోకపోతే, వంటింట్లో నిలబడి "ఇలాగా తరిగేది?" అనే మాట వస్తుంది. ఆ మాటతో ఆ పని మళ్లీ పాత చేతికే చేరుతుంది. చివరగా కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించాలి.

గతవారం ఎవరేం మరిచిపోయారన్న పంచాయితీ ఇక్కడ పెట్టకండి. పెడితే మూడో ఆదివారానికి ఇద్దరిలో ఒకరికి ఏదో ముఖ్యమైన పని తగులుతుంది. పద్ధతి పనిచేస్తోందో లేదో తెలియడానికి ఒక్క గుర్తు చాలు: ఈ వారం ఎవరు ఎవరికి ఎన్నిసార్లు గుర్తుచేశారు? గుర్తుచేసేది ఎప్పుడూ ఒకరే అయితే ఆ పని ఇంకా చేతులు మారలేదన్నమాట. దాన్ని వచ్చే ఆదివారం మళ్లీ మొదటినుంచి పంచుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇది అంత సాఫీగా సాగదు. అబ్బాయి అంట్లు తోముతుంటే చూడలేక అమ్మే లేచి వచ్చేస్తుంది. ఆ మాట కొడుకే చెప్పుకోవాలి, కోడలితో చెప్పించకూడదు.

బదిలీ అయి ఒకరు వేరే ఊళ్లో ఉన్నప్పుడు ఈ మాటలు ఫోనులోనే సాగుతాయి. గడియారపు పనులు ఇంట్లో ఉన్నవారి మీదే పడతాయి, అది తప్పదు. కానీ గ్యాస్ బుకింగ్, బిల్లులు, స్కూలు ఫీజు, పెద్దవాళ్ల మందులు తెప్పించడం వంటివి ఎంత దూరం నుంచైనా చూసుకోవచ్చు. అవన్నీ దూరంగా ఉన్నవారి పేరున రాయండి. సెలవు మీద వచ్చిన రోజుల్లో టిఫిన్ బాక్సు కూడా వారిదే.