మెట్టెలు చూసి మెయిల్ రాయొద్దు

గౌడవెల్లి స్టేషన్‌లో పొద్దున్నే మేడ్చల్ నుంచి వచ్చే ఎంఎంటీఎస్ ఎక్కండి. సికింద్రాబాద్ చేరేలోపు ఎవరో ఒకరు పక్క సీట్లో ఆవిడను అడిగేస్తారు: “మీ సారు ఏం చేస్తరు?”

ట్రైన్‌లో అది ముచ్చట. ఆఫీసులో అదే ప్రశ్న వేస్తే తప్పు. చాలామంది ఆఫీసులో నోరు తెరిచి అడగరు. మెడ చూస్తారు, కాళ్ల మెట్టెలు చూస్తారు, వయసు అంచనా వేస్తారు. తర్వాత మెయిల్‌లో మిసెస్ అనో మిస్ అనో కొట్టేస్తారు. మీరు అడగలేదు, నిజమే. కానీ ఊహించారు. ఊహించి, రాసి, నలుగురికీ సీసీ పెట్టారు.

ఈ అలవాటు మార్చుకోవచ్చు. కష్టం కూడా కాదు. ముందు నా తప్పు చెప్తాను.

కొన్నేళ్ల క్రితం ఒక సంస్థలో మహిళలకు ట్రైనింగ్ ఇచ్చాను. చివరి రోజు సర్టిఫికెట్లు. పేర్ల ముందు ఏమీ లేకపోతే బోసిగా ఉంటుందనిపించింది. ముప్పై దాటినట్టు కనిపించినవాళ్లకు శ్రీమతి, చిన్నవాళ్లకు కుమారి అని నేనే కూర్చుని రాసిచ్చాను. ప్రింట్ అయింది. స్టేజీ మీద చదివారు. తర్వాత ఒకావిడ నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది: “సార్, నాకు పెళ్లి కాలేదు. రేపు ఇది ఆఫీసులో ఇస్తే అందరికీ నేనే సంజాయిషీ చెప్పుకోవాలి.” ఇంకో అమ్మాయి కుమారి అన్న సర్టిఫికెట్ తీసుకుని ఏమీ అనలేదు. ఆమెకు పెళ్లయింది, భర్త లేడు అని తర్వాత తెలిసింది.

రెండు సర్టిఫికెట్లూ మళ్లీ ప్రింట్ చేయించాను. ఈసారి ఉత్త పేరు, పక్కన ‘గారు’. ఆ రెండక్షరాలు మొదటే ఎందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు ఇంగ్లిష్ సంగతి. ఎం, ఎస్ అని రాస్తాం. పలికేటప్పుడు ‘మిజ్’. మిస్ కాదు, ఎమ్మెస్ అసలే కాదు.

ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ అనుకుంటారు. కాదు. 1901 నవంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వచ్చే ఒక ఆదివారం పత్రిక ఈ మాటను సూచించింది. కారణం అచ్చంగా మీ సమస్యే: ఎదుటి స్త్రీకి పెళ్లయిందో లేదో తెలియదు, ఏది రాసినా తప్పయ్యే ప్రమాదం ఉంది, రెంటికీ పనికొచ్చే మాట ఒకటి కావాలి. దాన్ని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1961లో షీలా మైకేల్స్ అనే యువతి తన రూమ్‌మేట్‌కు వచ్చిన పత్రిక మీద అడ్రస్‌లో ఈ రెండక్షరాలు చూసి మొదట టైపింగ్ తప్పనుకుంది. తర్వాత అదే మాటను పట్టుకుని ప్రచారం చేసింది. 1972లో గ్లోరియా స్టైనెమ్ తదితరులు పెట్టిన పత్రికకు అదే పేరు పెట్టారు. మాట జనంలోకి వెళ్లింది.

మీకు అసలు పనికొచ్చే కథ 1984ది. ఆ ఏడాది అమెరికా ఉపాధ్యక్ష పదవికి జెరాల్డిన్ ఫెరారో పోటీ చేసింది. ఫెరారో ఆమె పుట్టింటి ఇంటిపేరు. భర్తది జకారో. న్యూయార్క్ టైమ్స్‌లో అప్పటికి మిజ్ వాడరు. మిస్ ఫెరారో అందామా? పెళ్లయింది కాబట్టి అబద్ధం. మిసెస్ ఫెరారో అందామా? పాత మర్యాద ప్రకారం దానికి అర్థం ఫెరారో గారి భార్య. అంటే వాళ్లమ్మ! ఆ పత్రిక 1986లో మిజ్‌కు ఒప్పుకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన ఇళ్లలో ఎంతమందిది ఇదే పరిస్థితి? టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. డిగ్రీ, పాన్, బ్యాంకు, జీతం అన్నీ దాని మీదే నడుస్తాయి. పెళ్లయ్యాక చాలామంది మార్చుకోరు. అలాంటప్పుడు ఆమె ఇంటిపేరు ముందు మిసెస్ తగిలిస్తే మీరు వాళ్లమ్మకు ఉత్తరం రాసినట్టే. ‘ఆమెకు పెళ్లయిందని నాకు పక్కాగా తెలుసు సార్’ అన్నా సరే, మిసెస్ కుదరదు. మిజ్ కుదురుతుంది.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. మేడ్చల్ వైపు ఒక కంపెనీలో మీకు ఫ్రంట్ ఆఫీస్ ఉద్యోగం వచ్చిందనుకోండి. రేపు ఆడిట్‌కు ఆరుగురు వస్తున్నారు. అందులో నలుగురు మహిళలు. మీ చేతిలో లిస్ట్ ఉంది. వెల్‌కమ్ మెయిల్, గేట్ పాస్, టేబుల్ మీద నేమ్ బోర్డు మీరే చేయాలి.

మొదటి పని: ఆమె తన పేరు తాను ఎలా రాసుకుందో చూడండి. మెయిల్ కింద సంతకం, విజిటింగ్ కార్డు, అంతకుముందు పంపిన ఉత్తరం. నలుగురిలో ఒకావిడ డాక్టర్ అని రాసుకుంది. డాక్టర్ అనే రాయండి. అక్కడ పెళ్లి ప్రసక్తే లేదు. ఇంకొకావిడ స్వయంగా మిసెస్ అని రాసుకుంది. అలాగే రాయండి. మిజ్ ఆధునికం అని ఆవిడకు క్లాసు పీకొద్దు. పేరు ఆవిడది.

మిగిలిన ఇద్దరి దగ్గర ఏ ఆధారమూ లేదు. ఇద్దరికీ మిజ్.

ఇక్కడే మన ఆఫీసుల్లో జరిగే అసలు పొరపాటు ఉంది. చాలామంది మిజ్ అంటే పెళ్లికానివాళ్లకు అనుకుంటారు. ఒకే లిస్టులో తెలిసినవాళ్లకు మిసెస్, మిగతావాళ్లకు మిజ్ పెడతారు. అప్పుడేమవుతుంది? చదివేవాడికి మిజ్ అంటే ‘పెళ్లి కాలేదు’ అనే అర్థమవుతుంది. దాచాల్సిన విషయాన్ని మీరే బయటపెట్టారు. అందుకే రూల్ ఇది: లిస్టులో తనకు ఏది కావాలో తానుగా చెప్పినవాళ్లను వదిలేస్తే, మిగతా ఆడవాళ్లందరికీ ఒకటే మాట. డైరెక్టర్‌కైనా ట్రైనీకైనా. మగవాళ్లకు మిస్టర్ పెట్టి ఆడవాళ్లకు ఉత్త పేరు రాయడం కూడా వద్దు. పెడితే అందరికీ పెట్టండి, లేదంటే ఎవరికీ వద్దు.

రెండో పని: పేరులో ఏ ముక్క ముందు మిజ్ పెట్టాలి? ఇంగ్లిష్ పద్ధతిలో ఇంటిపేరు ముందు. మనకు ఇంటిపేరు ముందే వస్తుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరంగా. ఎక్సెల్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గళ్లు నింపేసరికి పేర్లు తారుమారు అవుతాయి. మెయిల్ మర్జ్ కొడితే ‘డియర్ మిజ్ కె’ అని వెళ్తుంది. నవ్వకండి, నాకే వచ్చింది. అందులోనూ నేను మగవాణ్ని. కాబట్టి మనవాళ్లకు రాసేటప్పుడు మిజ్ తర్వాత పూర్తి పేరు, సంతకంలో ఉన్న వరుసలోనే రాయండి. పంపేముందు నాలుగు మెయిళ్లు తెరిచి కళ్లతో చూడండి.

మూడోది చిన్న విషయం, కానీ నెలకోసారైనా కనిపిస్తుంది. ఎం, ఎస్ మధ్యలో ఏటవాలు గీత పెట్టొద్దు. అది మెస్సర్స్. సంస్థల పేర్ల ముందు, బిల్లుల మీద రాసేది. ఆడిటర్ గారి నేమ్ బోర్డు మీద అది పెడితే ఆవిడను సిమెంటు డీలర్‌ను చేసినట్టే.

ఇంత చేశాక కూడా అనుమానం ఉంటే? అడగండి. కానీ ప్రశ్న మార్చండి. “మీకు పెళ్లయిందా?” కాదు. “మిస్సా, మిసెస్సా?” కూడా కాదు, అదీ అదే ప్రశ్న, కోటు వేసుకుని వచ్చింది. “బోర్డు మీద మీ పేరు ఎలా రాయమంటారు మేడమ్?” అంతే. జవాబులో ఆమె ఎంత చెప్పాలనుకుంటే అంతే చెబుతుంది.

తెలుగులో రాసేటప్పుడు? మన పని ఇంకా తేలిక. కానీ మన మాటలకూ చరిత్ర ఉంది.

శ్రీమతి అన్న మాటలో పెళ్లి లేదు. శ్రీ కలిగినది అని అర్థం. రాజ్యాంగ సభ చర్చల రికార్డులు తీసి చూడండి. మన రాజమండ్రి ఆడపడుచు అందులో ‘శ్రీమతి జి. దుర్గాబాయి’. ఆమెకు చిన్నపిల్లగా ఉన్నప్పుడే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ సంబంధం వద్దని బయటికి వచ్చింది. చింతామన్ దేశ్‌ముఖ్‌ను పెళ్లాడింది 1953లో. అంటే ఆ సభలో మాట్లాడే నాటికి ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాదు. పేరు ముందు శ్రీమతి పెట్టుకుని రాజ్యాంగం మీద వాదించింది. ఆ శ్రీమతి ఎవరి భార్య అనేది చెప్పదు, గౌరవం చెబుతుంది.

కానీ మాటలు మారతాయి. ఈరోజు శ్రీమతి అనగానే వినేవాళ్ల చెవికి పెళ్లయిన స్త్రీ అనే పడుతుంది. ‘నా శ్రీమతి’ అంటే నా భార్య. అర్థం వివరించి గెలవలేరు. సౌభాగ్యవతి అన్నది ఇంకా పదునైన మాట, భర్త బతికి ఉన్నాడని చెబుతుంది. పాతకాలపు ఉత్తరాల్లో వితంతువుకు గంగాభాగీరథీ సమానురాలు అని ప్రత్యేకంగా రాసేవారు. కవరు మీదే ఆమె జీవితం మొత్తం! పోస్ట్‌మ్యాన్ కూడా చదువుకోవచ్చు.

దీనికి మందు మన దగ్గరే ఉంది. గారు. ఆడా మగా తేడా లేదు, పెళ్లి ఊసు లేదు, వయసు ఊసు లేదు. మిజ్ కోసం అమెరికావాళ్లు 1901 నుంచి 1986 దాకా తంటాలు పడితే, మనం పేరు చివర ఒక మాట తగిలించి దాటేస్తాం. మైకులో పిలవండి, ఫ్లెక్సీ మీద వేయండి, వాట్సాప్‌లో రాయండి: పేరు, గారు. ఎదురుగా మాట్లాడేటప్పుడు మేడమ్. మన ఊళ్లో అక్కా అంటే తప్పేం లేదు, ఆంటీ మాత్రం మానేయండి. అది వయసును ఊహించడం.

ఒక హద్దు గుర్తుంచుకోండి. ఇన్సూరెన్స్, పీఎఫ్ నామినేషన్, పెన్షన్ లాంటి కాగితాలకు వైవాహిక స్థితి నిజంగా కావాలి. అక్కడ దానికి వేరే గడి ఉంటుంది, ఆమే నింపుతుంది. ఆ ఫారం చూసే పని మీదైతే, అందులో తెలిసింది నేమ్ బోర్డు మీదికి రాకూడదు. హెచ్ఆర్‌లో ఉన్నవాళ్లకు ఈ మాట మరోసారి చెప్తున్నాను.

వారం రోజులు ప్రాక్టీస్ చేయండి. ప్రతి మెయిల్ పంపేముందు ఒకే ప్రశ్న: ఈ మాట ఆమె చెప్పిందా, నేను ఊహించానా? మీరు ఊహించింది అయితే తీసేయండి. పొరపాటున వెళ్లిపోతే పొడుగ్గా క్షమాపణలు వద్దు. ‘సరిచేశాను, సారీ’ అని ఒక లైన్ రాసి, సరైన బోర్డు పెట్టండి.

రేపు డ్యూటీకి వెళ్లగానే గేటు దగ్గర విజిటర్ రిజిస్టర్ తెరవండి. పేరు ముందు ‘శ్రీమతి / కుమారి’ అని గడి ఉంటే స్కేలు పెట్టి కొట్టేయండి. కొత్త రిజిస్టర్ ప్రింట్‌కు వెళ్లేముందు ఆ గడి తీసేయమని మీ మేనేజర్ గారికి మీరే చెప్పండి.