బాక్టీరియాకు బాక్టీరియాయే శత్రువు

గులాబీ అంటు మొదట్లో, నేల మట్టానికి దగ్గరగా, గరుకుగా గట్టి కంతులు కనిపిస్తే అది క్రౌన్ గాల్ తెగులు కావచ్చు. ఆగ్రోబాక్టీరియం అనే నేల బాక్టీరియా గాయం గుండా చొరబడి, తన జన్యువులు కొన్నింటిని మొక్క కణాల్లోకి పంపుతుంది. దాంతో ఆ కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. బాక్టీరియాకు కావలసిన ప్రత్యేక ఆహారాన్ని కూడా అవే వండి పెడతాయి. కంతి లేచాక బాక్టీరియా చచ్చినా కంతి పెరుగుతూనే ఉంటుంది.

దీనికి అడ్డుకట్ట మరో బాక్టీరియాలోనే దొరికింది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో అలన్ కెర్ అనే శాస్త్రవేత్త 1970 దశకంలో కె84 అనే రకాన్ని వాడుకలోకి తెచ్చారు. ఇది తెగులు బాక్టీరియాకు దాయాదే కాని కంతి పుట్టించదు. ఇది వదిలే ఆగ్రోసిన్ 84 అనే విషం, శత్రువుకు కంతిలో దొరికే తిండిలాగే ఉంటుంది. శత్రువు దాన్ని తిండి అనుకుని లోపలికి తీసుకుంటుంది. ఆపైన ప్రోటీన్లు తయారు చేసుకోలేక చస్తుంది.

ఇలా దగ్గరి చుట్టాల మీద వదిలే విషాలనే బాక్టీరియోసిన్లు అంటారు. మన పేగుల్లోని ఇ.కోలై రకాల్లో కొన్ని కూడా కోలిసిన్ అనే విషంతో సాటి రకాలను చంపుతాయి. ఆ విషం బయటికి రావాలంటే సాధారణంగా దాన్ని తయారు చేసిన కణం తానే పగిలి చావాలి.

కె84ను నీళ్లలో కలిపి, నాటే ముందు వేళ్లను, కోసిన ముక్కలను ముంచుతారు. గాయంలోకి శత్రువుకన్నా ముందు ఇది చేరాలి. తెగులు అప్పటికే సోకి ఉంటే ఫలితం ఉండదు. ద్రాక్షలో కంతి పుట్టించే రకాలకు ఈ విషం తగలదు. పైగా విషం తయారీ జన్యువులు, దాన్ని తట్టుకునే జన్యువులు శత్రువుకు చేరే ప్రమాదం ఉంది. అందుకే ఆ బదిలీ జరగకుండా మార్చిన కె1026 రకాన్ని తర్వాత తయారు చేశారు.

విషం వదలకుండా వేటాడేది బ్డెల్లోవిబ్రియో. 1962లో జర్మనీలో స్టోల్ప్, పెట్జోల్డ్ దీన్ని మట్టిలో కనుగొన్నారు. ఇది వేగంగా ఈదుతూ వచ్చి, తనకన్నా పెద్ద బాక్టీరియాకు అతుక్కుని, గోడకు కన్నం వేసి లోపల దూరుతుంది. లోపలిదంతా తిని, పొడవుగా పెరిగి, ముక్కలై, మూడు నాలుగు గంటల్లో పిల్లలతో బయటపడుతుంది. 2011లో ఇంగ్లండ్‌లో కోడిపిల్లలకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు పేగుల్లో సాల్మొనెల్లా తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఏ వేటగాడూ వేటను తుడిచిపెట్టడు. పప్పుజాతి పైర్లకు నత్రజని అందించే రైజోబియాన్ని కూడా ఇది తినగలదు. కాబట్టి మట్టిలో చల్లేస్తే మేలే జరుగుతుందని అనుకోకూడదు.

మీరు అంటు కొనేటప్పుడు మొదలు, అంటు కట్టిన చోటు తడిమి చూడండి. కంతి ఉంటే నాటొద్దు. తోటలో కంతి మొక్క కనిపిస్తే వేళ్లతో సహా తీసి కాల్చండి. కత్తెరను మొక్క మొక్కకూ స్పిరిట్‌తో తుడవండి.