ఉద్యోగ ధ్రువీకరణ లేఖ

పెనుకొండ కొండకు చేరువలో, హైదరాబాదు నుండి బెంగళూరుకు పోయే జాతీయ రహదారి పక్కన ఎర్రమంచి అనే గ్రామం ఉన్నది. వేరుశనగ తప్ప మరొక పంటను నమ్ముకోలేని వర్షాభావ ప్రాంతమది. 2017లో కొరియా దేశపు కియా సంస్థ ఇక్కడ కార్ల కర్మాగారం నెలకొల్పుటకు రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొన్నది. 2019లో ఇక్కడ నుండి కార్లు వెలువడసాగాయి. దాని చుట్టూ విడిభాగాల పరిశ్రమలు వెలిశాయి. అప్పటి అనంతపురం జిల్లాలోని ఈ ప్రాంతం 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.

ఈ మార్పు బ్యాంకు వాకిట కూడ కనిపిస్తుంది. తండ్రి పంటరుణానికి వెళ్ళినపుడు చేతిలో పట్టాదారు పాసు పుస్తకం ఉండేది. భూమి ఎంత ఉన్నదో, ఎవరి పేర ఉన్నదో అది చెప్పేది. నెల జీతం తెచ్చే కొడుకు గృహరుణానికి వెళ్ళినపుడు అటువంటి సాక్ష్యం ఇవ్వగలిగినది అతడు పనిచేసే సంస్థయే. సంస్థలోని మానవ వనరుల విభాగం, అనగా అందరూ హెచ్.ఆర్. అని పిలిచే విభాగం, ఇచ్చే ఆ పత్రమే ఉద్యోగ ధ్రువీకరణ లేఖ. ఉద్యోగం విడిచిన తరువాత ఇచ్చే అనుభవ ధ్రువపత్రం వేరు. ఇది ఉద్యోగంలో ఉన్నవానికి ఇచ్చేది.

ఒక ఉదాహరణ చూద్దాం. డిప్లొమా చదివిన ఒక యువకుడు విడిభాగాల పరిశ్రమలో మూడేళ్ళుగా పనిచేస్తున్నాడు. స్వగ్రామంలో ఇల్లు కట్టుటకు పదిహేను లక్షల రుణం కావాలనుకొన్నాడు. హెచ్.ఆర్. విభాగానికి “నాకు ఉద్యోగ పత్రం కావలెను, దయచేసి ఇప్పించగలరు” అని ఒకే వాక్యం వ్రాసి ఇచ్చాడు. వారు కూడ క్లుప్తంగానే, ఇతడు తమ సంస్థలో పనిచేయుచున్నాడని రెండు పంక్తులు వ్రాసి ఇచ్చారు. హిందూపురంలోని బ్యాంకు అధికారి దానిని చదివి, “ఏమప్పా, నీవు పనిచేస్తున్నావని ఇందులో ఉంది. ఎప్పటి నుంచి, ఎంత జీతానికి, ఖాయమైన ఉద్యోగమా కాదా అన్నది లేదే!” అని తిరిగి ఇచ్చాడు.

లోపం లేఖ ఇచ్చినవారిలో కంటె అడిగినవానిలోనే ఎక్కువ. ఏ అవసరానికి, ఎవరికి సమర్పించుటకు, ఏయే వివరాలతో అన్నది అడిగేవాడే చెప్పాలి. రోజూ పదుల సంఖ్యలో అర్జీలు చూసే విభాగం అతని అవసరాన్ని ఊహించి వ్రాయదు.

మొదట సరిచూడవలసినది పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది. దానిని కొందరు పొడి అక్షరంగా వ్రాస్తారు, కొందరు పూర్తిగా వ్రాస్తారు. పై యువకుని పేరు సంస్థ రికార్డులో ఒక పొడి అక్షరంతోను, పాన్ కార్డులో పూర్తి ఇంటిపేరుతోను ఉన్నది. చదివేవారికి ఇద్దరూ ఒకరే అని తోచవచ్చును గాని, కాగితాలను సరిపోల్చే అధికారికి వారు ఇద్దరు మనుషులు. కాబట్టి లేఖలో పేరు పాన్, ఆధార్ కార్డులలో ఉన్నట్లే ఉండాలని, పక్కన ఉద్యోగి సంఖ్య ఉండాలని కోరాలి. ఆ రెండు కార్డులలోనే పేరు వేరుగా ఉంటే ముందుగా వాటిని సవరించుకొనుటయే మార్గం.

రెండవది జీతం. ఇక్కడ చాలామంది పొరపడతారు. నియామక పత్రంలో ఈ యువకునికి సంవత్సరానికి 3,90,840 రూపాయలని ఉన్నది. నెలకు 32,570 అవుతుంది. అయితే ఇది సంస్థ అతనిపై పెట్టే మొత్తం వ్యయం. ఇందులో సంస్థ తన వంతుగా భవిష్యనిధికి కట్టే 1,800, గ్రాట్యుటీకై పక్కన పెట్టే 770 కలిసి ఉన్నాయి. అవి పోగా స్థూల జీతం 30,000. అందులో నుండి ఉద్యోగి వంతు భవిష్యనిధి 1,800, వృత్తిపన్ను 200 తగ్గగా చేతికి వచ్చేది 28,000.

బ్యాంకు చూసేది ఈ చివరి అంకెనే. అందులో సగం వరకు వాయిదాలకు పోవచ్చునని బ్యాంకు లెక్క వేసిందనుకొందాం. అది 14,000. మోటారుసైకిలు అప్పుకు ఇప్పటికే నెలకు 3,000 కడుతున్నాడు గనుక మిగిలేది 11,000. ఏడాదికి ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళ గడువుకు లక్షకు నెల వాయిదా సుమారు 868 రూపాయలు. ఈ లెక్కన అతనికి దొరకేది పన్నెండు లక్షల అరవై ఏడు వేల వరకు. నియామక పత్రంలోని అంకెను పట్టుకొని లెక్కించినందుననే పదిహేను లక్షలు వస్తాయని అతడు ఆశించాడు. కట్టుబడి పనివానితో బేరం కుదుర్చుకొనక ముందే ఇది తెలియడం అతని అదృష్టం.

అందుచేత లేఖలో స్థూల జీతం, కోతలు, నికర జీతం విడివిడిగా ఉండాలి. అవి గత మూడు నెలల జీతపు చీటీలతో సరిపోవాలి. అదనపు పనిగంటల వేతనం నెలనెలా మారుతుంది గనుక దానిని కలపరాదు.

రెండవసారి అతడు వ్రాసిన అర్జీ ఇట్లున్నది:

ఎర్రమంచి,
తేది: ............

మానవ వనరుల విభాగాధికారి గారికి,

విషయం: గృహరుణం నిమిత్తం ఉద్యోగ ధ్రువీకరణ లేఖ కొరకు అభ్యర్థన.

అయ్యా,

నేను మన సంస్థ నాణ్యతా పరీక్ష విభాగంలో పనిచేయుచున్నాను. నా ఉద్యోగి సంఖ్య ............. హిందూపురంలోని ............ బ్యాంకులో గృహరుణమునకు దరఖాస్తు చేసుకొనుచున్నాను. ఆ బ్యాంకు శాఖాధికారి పేర ఈ క్రింది వివరములతో లేఖ ఇప్పించవలసినదిగా కోరుచున్నాను: పాన్ కార్డులో ఉన్నట్లు నా పూర్తి పేరు, హోదా, చేరిన తేది, ఉద్యోగం ఖాయమైన తేది, నెలసరి స్థూల జీతం, కోతలు, నికర జీతం. లేఖ సంస్థ శీర్షిక గల కాగితంపై, సంతకం చేసిన అధికారి పేరు, హోదా, కార్యాలయ ఫోను నంబరు, ముద్రలతో ఉండవలెనని బ్యాంకువారు తెలిపిరి. ఈ నెల 20వ తేదీలోగా సమర్పించవలసి యున్నది. పాన్ కార్డు, నియామక పత్రముల నకళ్ళు జతపరచితిని.

ఇట్లు,
తమ విధేయుడు,
(సంతకం)

ఫోను నంబరు ఎందుకంటే, బ్యాంకువారు ఆ కార్యాలయానికి ఫోను చేసి లేఖ నిజమైనదేనా అని విచారిస్తారు. ‘ఈ లేఖ రుణానికి సంస్థ పూచీ కాదు’ అని సంస్థలు చివర ఒక వాక్యం చేర్చడం కద్దు. దానిని చూసి కలవరపడనక్కరలేదు. బ్యాంకు అడిగేది పూచీ కాదు, సమాచారం మాత్రమే.

గుత్తేదారు ద్వారా పనిలో ఉన్నవారి విషయంలో మరొక చిక్కున్నది. అతడు రోజూ అడుగుపెట్టేది పెద్ద కర్మాగారంలో, ధరించేది అక్కడి దుస్తులు. కాని జీతమిచ్చేది, భవిష్యనిధి కట్టేది గుత్తేదారు సంస్థ. కర్మాగారపు హెచ్.ఆర్. విభాగాన్ని లేఖ అడిగితే రికార్డులో అతని పేరే ఉండదు. బ్యాంకు ఫోను చేస్తే “అటువంటివారు లేరు” అనే జవాబు వస్తుంది. తన యజమాని ఎవరో తెలియనివాడు భవిష్యనిధి పాసు పుస్తకం తెరిచి చూడాలి. అందులో ఏ సంస్థ పేరు ఉన్నదో లేఖ ఆ సంస్థ నుండే రావాలి. పనిచేసే స్థలం ఎర్రమంచి అని మాత్రం అందులో చేర్చమని కోరవచ్చును.

వీసా కొరకైతే లేఖ స్వరూపం కొంత మారుతుంది. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లుండాలి, పాస్‌పోర్టు సంఖ్య చేర్చాలి. ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు సెలవు మంజూరైనది, ఖర్చు భరించేది ఎవరు, తిరిగి వచ్చి ఏ హోదాలో విధులలో చేరతాడు అన్నవి ముఖ్యం. బ్యాంకు అధికారి ఇతడు అప్పు తీర్చగలడా అని చూస్తాడు. వీసా అధికారి ఇతడు తిరిగి వస్తాడా అని చూస్తాడు. రుణం కొరకు తీసుకొన్న లేఖనే వీసాకు జతపరిస్తే అందులో సెలవు తేదీలు ఉండవు.

ఆ యువకుని లేఖ నాలుగు రోజులలో వచ్చింది. అందులో ఉద్యోగంలో చేరిన సంవత్సరం పొరపాటున ఒకటి తక్కువగా పడింది. నియామక పత్రంతో పోల్చి చూసి అతడు దానిని ఆ పూటే దిద్దించుకొన్నాడు. తరువాత పన్నెండున్నర లక్షలకు దరఖాస్తు పెట్టి, మేడమీది గది కట్టే పనిని మరుసటి ఏటికి వాయిదా వేశాడు.